ముగ్గురికీ పదకొండే: కస్టమర్ల వరుస తేల్చే ఆర్‌ఎఫ్‌ఎం లెక్క

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ మాస్టారు ఇక్కడ చాలా ఏళ్లు అకౌంటెన్సీ చెప్పారు. బోర్డు మీద అంకె వేయకుండా సూత్రం చెప్పడం ఆయనకు నచ్చేది కాదట. అందుకని నేనూ ఇవాళ ఒక చిన్న పట్టిక తెచ్చాను. అందులో పదిమంది కస్టమర్లున్నారు. ఈ పూటంతా వాళ్ల చుట్టూనే తిరుగుదాం.

ముందు సమస్య ఏమిటో చెబుతాను. ఒక వ్యాపారి దగ్గర నాలుగు వేలమంది కస్టమర్ల పేర్లున్నాయి. కొత్త సరుకు వచ్చింది. ఆ కబురు అందరికీ పంపే డబ్బు ఆయన దగ్గర లేదు, నాలుగు వందల మందికి పంపగలడు. ఎవరా నాలుగు వందల మంది?

ఈ ప్రశ్న మొదట గట్టిగా ఎదురైంది అమెరికాలో తపాలా ద్వారా సరుకు అమ్మిన వాళ్లకి. 1872లో షికాగోలో ఆరన్ మాంట్‌గొమరీ వార్డ్ ఒక ధరల పట్టీ అచ్చువేసి పల్లెల్లోని రైతులకు పంపడంతో ఆ వ్యాపారం ఊపందుకుంది. తర్వాత సియర్స్ రోబక్ వచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పట్టీలు లావాటి పుస్తకాలయ్యాయి. పుస్తకం అచ్చుకి డబ్బు, తపాలాకి డబ్బు. పంపిన ప్రతి పుస్తకానికీ ఖర్చుంది, ఆర్డరు మాత్రం కొందరి దగ్గర నుంచే వస్తుంది. అలాంటి చోట జాబితాలో ఎవరిని ఉంచాలి, ఎవరిని తీసేయాలి అన్నదే వ్యాపారం బతుకు. ఆ వ్యాపారంలో పండినవాళ్లు మూడు ప్రశ్నలు అడగడం నేర్చుకున్నారు: చివరిసారి కొని ఎన్నాళ్లయింది, మొత్తం ఎన్నిసార్లు కొన్నాడు, ఎంత డబ్బు పెట్టాడు. ఇంగ్లీషులో వాటి మొదటి అక్షరాలు కలిపితే ఆర్‌ఎఫ్‌ఎం. మొదటి ప్రశ్నకి ఆర్, రెండోదానికి ఎఫ్, మూడోదానికి ఎం. ఈ పద్ధతికి ఆద్యుడిగా జార్జ్ కల్లినన్ పేరు చెబుతారు. విశ్వవిద్యాలయాల పరిశోధనా పత్రాలు దీన్ని పట్టించుకునే నాటికి వ్యాపారులు దీంతో దశాబ్దాలుగా బతుకుతున్నారు.

ఈ మూడింటిలో ఎన్నాళ్లయింది అన్నదానికే వాళ్లు పెద్దపీట వేశారు. మళ్లీ కొనేదెవరో చెప్పడంలో అదే అన్నిటికన్నా గట్టిదని వాళ్ల అనుభవం. తర్వాత ఎన్నిసార్లు. డబ్బు మొత్తం చివరన. మన బజారులో దుకాణదారుని అడిగితే సరిగ్గా తలకిందులుగా చెబుతాడు. పెద్ద బిల్లు చేసినవాడే ఆయనకు గుర్తుంటాడు మరి.

ఇక పట్టిక దగ్గరికి వద్దాం. నేను ఊహించి తయారు చేసిన అంకెలు కావివి. బ్రిటన్‌లో బహుమతి వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక సంస్థ ఏడాది బిల్లులను పరిశోధకుల కోసం బహిరంగంగా ఉంచారు. లండన్ సౌత్ బ్యాంక్ విశ్వవిద్యాలయానికి చెందిన దాచింగ్ చెన్, మరో ఇద్దరు కలిసి 2012లో ఆ బిల్లుల మీదే ఆర్‌ఎఫ్‌ఎం అధ్యయనం ప్రచురించారు. 2010 డిసెంబరు 1 నుంచి 2011 డిసెంబరు 9 దాకా 5,41,909 పంక్తులు. ఒక బిల్లులో ఒక వస్తువుకి ఒక పంక్తి. కస్టమర్లకు పేర్లు లేవు, అయిదంకెల నెంబర్లే. వాళ్లలో చాలామంది టోకుగా కొనే వ్యాపారులు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

లెక్క మొదలుపెట్టే ముందు ఈ బిల్లుల్ని ఒకసారి జల్లించాలి. 1,35,080 పంక్తులకి కస్టమరు నెంబరే లేదు, అంటే దాదాపు నాలుగో వంతు. ఎవరు కొన్నారో తెలియని పంక్తికి ఎన్నాళ్లయింది అన్న ప్రశ్నే లేదు కాబట్టి అవి పక్కకి పోతాయి. మన దగ్గర ఈ జబ్బు ఇంకో రూపంలో కనిపిస్తుంది. బిల్లు వేసేటప్పుడు ఫోన్ నెంబరు అడుగుతారు, కస్టమరు చెప్పనంటాడు, కంప్యూటరు ముందుకు కదలదు, కౌంటరు దగ్గరి కుర్రాడు దుకాణం నెంబరే కొట్టేస్తాడు. ఆర్‌ఎఫ్‌ఎం లెక్క వేస్తే ఆ దుకాణం నెంబరే జాబితాలో అందరికన్నా పైన నిలబడుతుంది: ఇవాళే కొన్నాడు, వేలసార్లు కొన్నాడు, లక్షలు పెట్టాడు! లెక్క చేతికి రాగానే మొదటి పది పేర్లూ కళ్లతో చూడమని నేను చెప్పేది అందుకే.

రెండో జల్లెడ వాపసు సరుకు. ఈ సంస్థ బిల్లుల్లో రద్దయిన వాటి నెంబరు ముందు C అనే అక్షరం ఉంటుంది. చాలామంది ఆ C పంక్తుల్ని తీసి పారేసి, మిగిలినవాటితో లెక్క వేస్తారు. శుభ్రం చేశామనుకుంటారు. ఏం జరుగుతుందో చూడండి. 12346 నెంబరు కస్టమరు 2011 జనవరి 18 ఉదయం 10:01కి పింగాణీ మూతలున్న జాడీలు 74,215 కొన్నట్టు బిల్లు పడింది. ఒక్కోటి 1.04 పౌండ్లు, మొత్తం 77,183.60. పదహారు నిమిషాల తర్వాత, 10:17కి, C541433 అనే నెంబరుతో మొత్తం బిల్లు రద్దయింది. కాబట్టి ఆ ఏడాదిలో ఆయన కొన్నది సున్నా. C పంక్తి తీసేసినవాళ్ల జాబితాలో మాత్రం ఆయన పెద్ద షావుకార్లలో ఒకడు. 16446 నెంబరు ఇంకా విచిత్రం. బిల్లుల చివరి రోజైన డిసెంబరు 9న 80,995 కాగితపు బొమ్మలు, 1,68,469.60 పౌండ్లకు, కొన్నట్టు పడి పన్నెండు నిమిషాల్లో రద్దయింది. అది పోను ఆ ఏడాది ఆయన నిజంగా కొన్నది మే నెలలో 2.90 పౌండ్ల సరుకు. రద్దును కలపకపోతే ఇక్కడ తప్పేది డబ్బు లెక్క ఒక్కటే కాదు. చివరిసారి కొన్నది ఇవాళే అని కూడా పడుతుంది. అంటే వాపసును ఎంలోంచి తగ్గించడంతో పని తీరదు. పూర్తిగా రద్దయిన బిల్లును ఆర్ నుంచీ ఎఫ్ నుంచీ కూడా కొట్టేయాలి.

అలా కొట్టేశాక 12346 మన జాబితాలోంచి తప్పుకుంటాడు. ఆ తర్వాతి నెంబర్లను వరుసగా తీసుకుందాం. 12351 అనే నెంబరు ఈ బిల్లుల్లో లేదు. 12347 నుంచి 12357 దాకా సరిగ్గా పదిమంది వస్తారు. రోజులు డిసెంబరు 9 నాటికి లెక్కించాను. డబ్బు వాపసు పోను, దగ్గరి పూర్తి పౌండుకి సవరించి వేశాను. 12352 మాత్రం సరుకు కొంత తిప్పి పంపాడు, అందుకే ఆయన 2,506 పౌండ్లు 1,545 అయ్యాయి.

| కస్టమరు | కొని ఎన్ని రోజులు | ఎన్ని బిల్లులు | మొత్తం (పౌండ్లు) | ఆర్ | ఎఫ్ | ఎం |
|---|---|---|---|---|---|---|
| 12347 | 2 | 7 | 4,310 | 5 | 5 | 5 |
| 12348 | 75 | 4 | 1,797 | 3 | 4 | 4 |
| 12349 | 18 | 1 | 1,758 | 5 | 1 | 3 |
| 12350 | 310 | 1 | 334 | 1 | 1 | 1 |
| 12352 | 36 | 8 | 1,545 | 3 | 5 | 3 |
| 12353 | 204 | 1 | 89 | 2 | 1 | 1 |
| 12354 | 232 | 1 | 1,079 | 1 | 1 | 2 |
| 12355 | 214 | 1 | 459 | 2 | 1 | 2 |
| 12356 | 22 | 3 | 2,811 | 4 | 3 | 4 |
| 12357 | 33 | 1 | 6,208 | 4 | 1 | 5 |

మార్కులు ఎలా వేశానో చెబుతాను. ఆర్ కోసం పదిమందినీ ఎవరు ఇటీవల కొన్నారో ఆ వరుసలో నిలబెట్టి అయిదు సమభాగాలు చేశాను. ముందున్న ఇద్దరికి 5, ఆ తర్వాతి ఇద్దరికి 4, చివరి ఇద్దరికి 1. ఎంకి కూడా అంతే, ఎక్కువ పెట్టిన ఇద్దరికి 5. ఈ సమభాగాల పద్ధతికి తొంభైలలో ఆర్థర్ హ్యూస్ పుస్తకాలతో బాగా ప్రచారం వచ్చింది. అయిదు, అయిదు, అయిదు గుణిస్తే 125 గదులు. ప్రతి కస్టమరూ ఏదో ఒక గదిలో పడతాడు.

ఎఫ్ దగ్గర ఈ పద్ధతి మొరాయిస్తుంది. పదిమందిలో ఆరుగురు ఒక్కసారే కొన్నారు. వాళ్లని రెండేసి మంది చొప్పున ఎలా విడగొడతారు? కంప్యూటరు మాత్రం మొహమాటపడదు, విడగొట్టేస్తుంది. జాబితాలో ముందున్నవాడికి 1, కింద ఉన్నవాడికి 3 వేసేస్తుంది. ఇద్దరూ ఒక్కసారే కొన్నవాళ్లు, తేడా వరుస నెంబరులోనే. ఇది జరిగిందో లేదో తెలుసుకోవడం తేలిక: ఒక్కసారి కొన్నవాళ్లందరికీ ఒకే మార్కు వచ్చిందా అని చూడండి, చాలు. అందుకే ఎఫ్‌కి నేను గీతలు ముందే గీసుకున్నాను. ఒకసారి కొంటే 1, రెండుసార్లు 2, మూడు అయితే 3, నాలుగు నుంచి ఆరు దాకా 4, ఏడు, ఆపైన 5. ఏ దుకాణం సంగతి ఆ దుకాణానిదే. కిరాణాకి ఈ గీతలు పనికిరావు, బంగారానికి అసలే పనికిరావు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడే చాలామంది మూడు మార్కులూ కూడేస్తారు. 12347కి పదిహేను, 12350కి మూడు. ఈ రెండింటితో ఎవరికీ పేచీ లేదు. మధ్యలో చూడండి. 12348కి మూడు, నాలుగు, నాలుగు: పదకొండు. 12352కి మూడు, అయిదు, మూడు: పదకొండు. 12356కి నాలుగు, మూడు, నాలుగు: మళ్లీ పదకొండే. ముగ్గురికీ ఒకే ఉత్తరం పోతుంది. వీళ్లలో ఒకడు చాలాసార్లు వచ్చి కొంచెం కొంచెం కొని, కొంత తిప్పి పంపినవాడు. ఒకడు మూడే బిల్లులు చేసినా మొత్తం మీద ఎక్కువ డబ్బు పెట్టినవాడు. ఇంకొకడు రెండున్నర నెలలుగా కనపడనివాడు. కూడిక ఈ తేడాలన్నిటినీ మింగేసింది. రోజులు, బిల్లులు, పౌండ్లు వేరువేరు కొలతలు. వాటికి ఒకటి నుంచి అయిదు దాకా బట్టలు తొడిగినంత మాత్రాన కూడడానికి వీలైనవి అయిపోవు. మూడంకెల్నీ పక్కపక్కన ఉంచి 344 అనో, 353 అనో చదువుకోవడమే మేలు.

ఇంకో సంగతి. ఆర్ నిలువు వరుసలో 12357 కొని 33 రోజులైంది, మార్కు 4. 12352 కొని 36 రోజులైంది, మార్కు 3. మూడు రోజుల తేడాకి ఒక మెట్టు. అదే 36 రోజులవాడికీ 75 రోజులవాడికీ ఒకే మెట్టు! సమభాగాల పద్ధతి వరుసను చెబుతుంది తప్ప మధ్య దూరాన్ని చెప్పదు. వేలమంది కస్టమర్లున్నప్పుడు దూరాలు కొంత సర్దుకుంటాయి కానీ గీతకి అటూ ఇటూ నిలబడ్డవాళ్ల గతి అప్పుడూ ఇదే. అందుకే మార్కు పక్కన అసలు రోజుల అంకెను చెరపకుండా ఉంచాలి. చాలా సాఫ్ట్‌వేర్లు మార్కు ఇచ్చి అంకె దాచేస్తాయి. అది నాకు నచ్చని పని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. నేను ఇవాళ చెప్పదలుచుకున్నదంతా ఒక్క మాటలో పెట్టమంటే ఇదే పెడతాను: కొని ఎన్నాళ్లయింది అన్న అంకెను ఇంకొకరి అంకెతో కాక, ఆ కస్టమరు సొంత నడకతో పోల్చాలి.

ఇద్దర్ని ఊహించుకోండి. ఇద్దరూ చివరిసారి కొని 180 రోజులైంది. ఒకాయన అంతకుముందు ఇరవై రోజులకోసారి చొప్పున పన్నెండుసార్లు వచ్చాడు. ఇంకొకాయన నూట యాభై రోజులకోసారి మూడుసార్లు వచ్చాడు. ఆర్‌ఎఫ్‌ఎం లెక్కలో ఇద్దరికీ ఆర్ సమానం, ఎఫ్ మొదటాయనకి ఎక్కువ. కాబట్టి మొదటాయనే మేలైన కస్టమరు అంటుంది పట్టిక. నిజమా? ఇరవై రోజులకోసారి వచ్చేవాడు వరుసగా తొమ్మిది విడతలు రాలేదు. ఊరు మారాడో, ఎదురు దుకాణం మరిగాడో, కోపం వచ్చిందో, ఏదో ఒకటి అయింది. రెండోవాడు తన మామూలు గడువు దాటి నెలరోజులే అయింది. రేపు రావచ్చు. మౌనం ఒకటే అయినప్పుడు ఎక్కువసార్లు వచ్చినవాడే పోయి ఉండే అవకాశం ఎక్కువ.

దీన్ని గణితంలో పెట్టినవాళ్లున్నారు. 1987లో ష్మిట్‌లైన్, మోరిసన్, కొలంబో అనే ముగ్గురు, మన జాబితాలో ఉన్న పేర్లలో ఇంకా బతికున్న కస్టమర్లెందరు అనే ప్రశ్న వేసుకుని ఒక నమూనా కట్టారు. ప్రతి మనిషికీ ఒక కొనుగోలు వేగం ఉంటుంది, ఏదో ఒకనాడు మనకు తెలియకుండా అతను వెళ్లిపోతాడు అన్నది దాని పునాది. 2005లో పీటర్ ఫేడర్, బ్రూస్ హార్డీ, కా లాక్ లీ ఆ నమూనాను ఆర్‌ఎఫ్‌ఎంతో ముడిపెట్టారు. వాళ్లు వాడినది సీడీనౌ అనే అమెరికన్ ఆన్‌లైన్ పాటల దుకాణం లెక్కలు: 1997 మొదటి మూడు నెలల్లో తొలిసారి కొన్న 23,570 మంది, 1998 జూన్ దాకా ఏమేం కొన్నారో. సగం కాలంతో నమూనా కట్టి, మిగతా సగంతో సరిచూశారు. ఒకే విలువ ఉన్న కస్టమర్లను కలుపుతూ వాళ్లు గీసిన గీతలు, చాలాకాలంగా రానివాళ్ల దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తిరుగుతాయి. అక్కడ ఎఫ్ పెరిగితే భవిష్యత్తు విలువ తగ్గుతుంది. మామూలు ఆర్‌ఎఫ్‌ఎం పట్టికలో ఈ మలుపుకి చోటే లేదు. ఎఫ్ పెరిగితే మార్కు పెరగడమే దానికి తెలుసు.

ఆ నమూనా కట్టడానికి కంప్యూటరు కావాలి. అందులోని బుద్ధిని వాడుకోవడానికి కాగితం చాలు. మన పట్టికలో ఒకటికన్నా ఎక్కువసార్లు కొన్నవాళ్లు నలుగురే. ఒక్కొక్కరి మొదటి, చివరి కొనుగోళ్ల మధ్య రోజుల్ని వాళ్ల విడతలతో భాగిద్దాం. 12348 నాలుగుసార్లు కొన్నాడు, మొదటిదానికీ చివరిదానికీ మధ్య 283 రోజులు, మూడు విడతలు. విడతకి సుమారు 94 రోజులు. ఆయన రాక 75 రోజులైంది. ఇంకా గడువే కాలేదు. రెండున్నర నెలలుగా కనపడలేదని కంగారుపడి, మళ్లీ రండి అని తగ్గింపు ధర కూపను పంపితే, రాబోయేవాడికి ఊరికే డబ్బు ఇచ్చినట్టు.

12352 సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పట్టికలో ఎనిమిది బిల్లులున్నాయి కానీ అందులో రెండు ఒకే రోజువి. అంటే ఆయన కొన్నది ఏడు రోజుల్లో. విడతలు ఆరు, మధ్య 260 రోజులు, విడతకి సుమారు 43. రాక 36 రోజులైంది. వారంలో గడువు. నలుగురిలో ఉత్తరం రాయాల్సినవాడు ఎవరైనా ఉంటే ఈయనే, అదీ ఇప్పుడే. రాశాక ఇంకో నెల చూసి అప్పటికీ రాకపోతే అనుమానించాలి. ఇదే పట్టికలో 12347 విడత సుమారు 61 రోజులు, వచ్చి రెండు రోజులే అయింది. 555 అని మురిసిపోయి ఆయనకి వెంటనే ఉత్తరం పంపితే అది దండగ. 12356కి విడతలు రెండే, సగటు 150 రోజులు దాటుతుంది. రెండు విడతల సగటును నేను నమ్మను, మీరూ నమ్మకండి. ఆయన విషయంలో ప్రస్తుతానికి ఏమీ తేలదు.

ఒక్కసారే కొన్న ఆరుగురికి సొంత నడక అంటూ లేదు. అక్కడ ప్రశ్న వేరు: రెండోసారి వస్తాడా? 12357 ఒక్క బిల్లులో 6,208 పౌండ్లు పెట్టాడు. ఇది టోకు వ్యాపారం అని మొదట్లో చెప్పాను కదా, ఇలాంటి పెద్ద బిల్లు దుకాణం నింపుకోవడానికి కావచ్చు. అలాంటివాడికి ఫోన్ చేసి మాట్లాడాలి, కరపత్రం పంపడం కాదు. 12349 కూడా పద్దెనిమిది రోజుల క్రితం ఒక్క బిల్లు చేసిన కొత్తవాడే అని పట్టిక అంటుంది. ఆ సంస్థ అంతకుముందు ఏడాది బిల్లులు కూడా తర్వాత బయటికి వచ్చాయి. వాటిని కలిపి చూస్తే ఈయనకి నాలుగు బిల్లులు, 4,428.69 పౌండ్లు! పాత ఖాతా. పన్నెండు నెలల కిటికీలోంచి చూసినందువల్ల కొత్తవాడిలా కనిపించాడు. మా దుకాణానికి స్వాగతం అని రాస్తే ఆయన నవ్వుకుంటాడు. మొదటాయన 12346 కూడా అంతే, అంతకుముందు ఏడాది చిన్న చిన్న బిల్లులు చేసిన పాతవాడే. కిటికీ ఎంత వెడల్పుండాలి అన్నదానికి నా లెక్క ఇది: మీ కస్టమర్లలో నెమ్మదిగా కొనేవాళ్ల విడతకి కనీసం రెండింతలు ఉండాలి. పండగకీ పెళ్లికీ కొనే బట్టల దుకాణానికి ఏడాది చాలదు. ఏటా ఒక్కసారే, సంక్రాంతికే వచ్చే కుటుంబం డిసెంబరులో లెక్క వేస్తే అందరికన్నా అడుగున ఉంటుంది, ఫిబ్రవరిలో వేస్తే పైకి వచ్చేస్తుంది. వాళ్ల అలవాటు ఒక్కటే, మారింది లెక్క వేసిన తేదీ.

మార్కులు వేశాక ఎక్కడ గీత గీయాలి? పాత తపాలా వ్యాపారులు దీనికి తిరుగులేని కొలత పెట్టుకున్నారు. ఒక ఉత్తరానికి అచ్చు, తపాలా కలిపి ముప్పై రూపాయలు అవుతుందనుకోండి. వచ్చే ఒక్కో ఆర్డరు మీద సరుకు ఖర్చులు పోను మిగిలేది ఆరు వందలు. ముప్పైని ఆరు వందలతో భాగిస్తే నూటికి అయిదు. ఏ గదిలో నూరుమందికి రాస్తే అయిదుగురికన్నా ఎక్కువ ఆర్డరు ఇస్తారో ఆ గదికి రాయాలి, మిగతావాటికి మానేయాలి. ఆ గది 555నా, 212నా అన్నదానితో పనిలేదు. మొదట ప్రతి గది నుంచి కొద్దిమందికి రాసి చూసి, ఫలితం వచ్చాక మిగతావాళ్లకి రాసేవారు.

మన సంస్థతో ఇది చేయబోతే ఒక చిక్కుంది. నెంబరున్న కస్టమర్లు నాలుగు వేల మూడు వందల పైచిలుకు. 125 గదులకి పంచితే గదికి ముప్పై అయిదుగురు. నూటికి అయిదు లెక్కన ఒక గది నుంచి వచ్చే ఆర్డర్లు ఒకటో రెండో. ఒకటి వస్తే చెడ్డ గది, మూడు వస్తే మంచి గది అని చెప్పగలమా? చెప్పలేం, అది బొమ్మాబొరుసు. లక్షల పేర్లున్న సంస్థల కోసం పుట్టిన 125 గదులు నాలుగు వేల పేర్లకి నప్పవు. ఇంత చిన్న జాబితాకి మూడేసి మెట్లు చాలు, ఇంకా చెప్పాలంటే ఆర్, ఎఫ్ రెండే వాడి తొమ్మిది గదులు చేసుకోవచ్చు. డబ్బు మొత్తంలో బిల్లుల సంఖ్య ఎలాగూ కలిసే ఉంటుంది కాబట్టి, ఎంను వేరే మెట్టుగా వదిలేస్తే పెద్ద నష్టం లేదు. వాడదలిస్తే బిల్లుకి సగటు ఎంత అని వాడండి.

ఇప్పుడు ఉత్తరం బదులు వాట్సాప్ వచ్చింది, ఖర్చు పైసల్లోకి దిగింది, కాబట్టి అందరికీ పంపేద్దాం అంటారు. దాని ఫలితం మీ అందరి ఫోన్లలోనూ ఉంది. ఆ ఖర్చు రూపాయల్లో కనపడదు, బ్లాక్ చేసినవాళ్ల సంఖ్యలో కనపడుతుంది. ఒకసారి బ్లాక్ చేసినవాడికి నిజంగా చెప్పాల్సిన కబురున్నా చేరదు. పైన చెప్పిన భాగహారంలో ముప్పై రూపాయల స్థానంలో ఆ నష్టాన్ని పెట్టుకోవాలి.

లెక్క బాగా పనిచేసిందని ఎలా తెలుస్తుంది? 555 వాళ్లకి రాశాం, నూటికి ముప్పై మంది కొన్నారు, చూడండి మా ప్రతిభ అంటారు. 12347 లాంటివాడు రాయకపోయినా కొనేవాడే. అందుకని ప్రతి గదిలోనూ పదో వంతు మందిని చీటీ తీసి పక్కన పెట్టండి, వాళ్లకి ఏమీ రాయకండి. రాసినవాళ్లలో నూటికి ముప్పై, రాయనివాళ్లలో నూటికి ఇరవై ఎనిమిది కొన్నారంటే మీ ఉత్తరం తెచ్చింది ఆ రెండే. పై గదుల్లో ఈ తేడా తరచూ చిన్నది, మధ్య గదుల్లో పెద్దది. పక్కన పెట్టడానికి దుకాణదారులు ఒప్పుకోరు, పోయే అమ్మకం కళ్లకి కడుతుంది వాళ్లకి. అలాంటప్పుడు పాత బిల్లులతోనే ఇంకో చిన్న పరీక్ష చేయవచ్చు. జూన్ 30 దగ్గర బిల్లుల్ని కోసేసి, అప్పటిదాకా ఉన్నవాటితోనే మార్కులు వేసి, జూలై నుంచి సెప్టెంబరు దాకా ఏ గదివాళ్లు ఎంతమంది నిజంగా కొన్నారో చూడటం. పై గదిలో ఎక్కువమంది, కింది గదికి వచ్చేకొద్దీ తక్కువమంది కొని ఉండాలి. మధ్యలో ఎక్కడైనా ఈ వరుస తలకిందులైతే అక్కడ మెట్లు తప్పు వేశామన్నమాట. ఉత్తరం వల్ల ఎంత లాభమో ఇది చెప్పదు, వరుస సరైనదో కాదో మాత్రం చెబుతుంది.

విద్యార్థులకు నా విన్నపం ఒకటి. మన ఊళ్లోనే బిల్లులు కంప్యూటరులో ఉన్న దుకాణాలకి కొదవ లేదు. ఒక బట్టల దుకాణమో, మందుల దుకాణమో, పుస్తకాల దుకాణమో ఒప్పించి రెండేళ్ల బిల్లులు అడగండి. ఫోన్ నెంబర్లు తీసేసి వేరే నెంబర్లు వేసి ఇమ్మనండి. వాపసు బిల్లులు తప్పకుండా ఇమ్మనండి. మార్కులు వేయండి, కూడకండి, ప్రతివాడి పక్కన అతని సొంత విడతను రాయండి. జూన్ దగ్గర కోసి పరీక్షించండి. వచ్చే ఏడాది ఈ ధర్మనిధి ఉపన్యాసానికి ముందు, ఒక అరగంట మీలో ఎవరైనా ఆ ఫలితాన్ని ఈ వేదిక మీద చదివేలా చూడమని విభాగాధిపతి గారిని కోరుతున్నాను.